నాలుగో అంకె

మా పక్క వాటాలో ఉండే స్టోరు తాతగారు పొద్దున్నే పేపరు రాగానే చదవరు. ముందు పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటారు. ఒక్క షీటు తగ్గినా పేపరువాణ్ణి కేకేసి నిలబెడతారు. పెద్దాసుపత్రి మందుల స్టోరులో అటెండరుగా పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన పెట్టెకూ, దానితో వచ్చిన కాగితానికీ లెక్క సరిపోతేనే లోపలికి రానిచ్చే అలవాటు ఆయన్ని ఇంటిదాకా వెంబడించింది. పాలపొడి డబ్బానైనా ఓసారి ఊపి చూడందే నమ్మరు.

అలాంటి మనిషికి పెన్షనాఫీసు నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఆయనకు ఇంగ్లీషులో అంకెలు, కొన్ని మందుల పేర్లు తప్ప రావు. ఉత్తరాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి సీలు చూశారు. కవరు తిప్పి మళ్ళీ చూశారు.

"ఇది ఆఫీసువాళ్ళదేనంటావా అమ్మా? ఫోన్లలో పెన్షను ఆగిపోతుందని బెదిరించి నంబర్లు అడుగుతున్నారట" అన్నారు నాతో. నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే. వీధి చివర జిరాక్సు అమ్మాయికి చూపించమన్నాను. దేవుడు ఆ పిల్లకు చదువుతోపాటు ఓపిక కూడా ఇచ్చాడు. ముసలివాళ్ళ ఫారాలు డబ్బు తీసుకోకుండా నింపిపెడుతుంది.

ఆ పిల్ల చదివి చెప్పింది. "బతికున్నట్టు ధ్రువపత్రం అడుగుతున్నారు తాతగారూ. ఏటా ఇచ్చేదే."

"ఏటా బ్యాంకులో సంతకం పెట్టి వస్తాను కదా! ఇప్పుడు ఉత్తరం దేనికి? నేను పోయానని ఎవడైనా చెప్పాడా?"

"అంత తొందరెవరికుంది? ఈ ఏడు ఇంకా అందలేదట. నెలాఖరులోగా ఇవ్వకపోతే పెన్షను ఆపుతారు. ఇచ్చాక ఆగినదంతా కలిపి వేస్తారు" అని నవ్వి, ఏమేం ఇవ్వాలో అంకెలు వేసి తెలుగులో రాసిచ్చింది. బ్యాంకు ఆఫీసరు ముందు సంతకం చేసిన ధ్రువపత్రం, గుర్తింపు కార్డు నకలు, పెన్షను పుస్తకం నకలు.

ఇంటికొచ్చి తాతగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. ఇంగ్లీషు ఉత్తరంలో వరసగా నాలుగు అంకెలున్నాయి. తెలుగులో మూడే. ఆయన ముఖం మారిపోయింది.

"పెట్టెలో సరుకు తగ్గింది" అన్నారు మెల్లగా.

"పొరపాటున వదిలేసుంటుంది, వెళ్ళి అడగండి" అన్నాను.

"పొరపాటైతే చివర్లో తల దించుకుని గబగబా మడిచి ఇవ్వదు. ఏదో దాచింది. పెన్షను తగ్గించారేమో. ఆఫీసు దగ్గర తిరిగే బ్రోకర్లతో వీళ్ళకి మాటలుంటాయంటారు, విన్నావా?"

ఆ పిల్లను ఆయన అంత మాట అనడం నాకు కష్టమనిపించింది. కానీ ఆయన బతుకంతా రెండు పెన్షన్ల మీదే. ఒకటి ఆయనది, ఒకటి నర్సుగా పనిచేసి పోయిన వాళ్ళావిడ మామ్మగారిది. ఏ ఒక్కటి ఆగినా అద్దె, మందులు గడవవు. మర్నాడు ఆయనకు తోడు నేనూ పెన్షనాఫీసుకు వెళ్ళాను. జిరాక్సు కొట్టు ముందు నుంచే నడిచాం. ఆయన తల తిప్పలేదు.

కౌంటరులో ఉన్నావిడ ఉత్తరం చూసి, "మాదేనండీ" అంది.

"నాలుగోది చదవండమ్మా. అదొక్కటే."

ఆవిడ చదివి, కొంచెం గొంతు తగ్గించింది. "మీరు మీ భార్య పెన్షను తీసుకుంటున్నారు కదండీ. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని రాసివ్వాలి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. అందరినీ అడిగేదే, ఏమనుకోకండి."

తాతగారు ఫారం తీసుకుని జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నారు. తిరుగుదారిలో జిరాక్సు కొట్టు దగ్గర మాత్రం ఆగారు.

"నాలుగోది ఎందుకు వదిలేశావమ్మా?"

ఆ పిల్ల చేతిలో కాగితాలు కింద పెట్టింది. "మామ్మగారు పోయినట్టు ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం నకలుకి ఇక్కడికే వచ్చారు. మిషను మీద పెడదామంటే మీ చెయ్యి దాన్ని వదల్లేదు తాతగారూ. ఆ మనిషికి ఈ మాట నా చేత్తో ఎలా రాసిస్తాను? పైఊళ్ళో ఉన్న మీ అమ్మాయిగారికి చెబుదామని నిన్నటి నుంచీ ఫోను చేస్తున్నాను, ఎత్తడం లేదు."

"నేను నిన్ను బ్రోకరువనుకున్నాను."

"అబ్బో! అయితే కమీషనేది?" అంది, కళ్ళు తుడుచుకుంటూనే.

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. సంచిలోంచి ఫారమూ, ఆ తెలుగు కాగితమూ తీసి బల్ల మీద పరిచారు. ఒక సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు, పెట్టాను. తర్వాత పెన్ను ఆ పిల్ల వైపు జరిపారు.

"ఈ కాగితం మీద ఆ నాలుగోది కూడా రాయమ్మా, లెక్క సరిపోవాలి. రాసి, నేను ఇంకో పెళ్ళి చేసుకోలేదని రెండో సాక్షి సంతకం నువ్వు పెట్టవూ?"