తిట్ల జాబితాలో ఫోను నంబరు

ఆత్మకూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు, తేదీ వేసి పుస్తకంలో ఎక్కించడం నా పని. అన్నేళ్లలో నా చేతికి వచ్చిన తిట్ల ఉత్తరాలు పదకొండు. అన్నీ ఆకాశరామన్న పేరుతోనే. వాటిని రాసినవాళ్లకు కనీసం కవరు కొని, స్టాంపు అంటించి, డబ్బాలో వేసి వచ్చే ఓపిక ఉండేది. మా తమ్ముడి కూతురి వీడియోల కింద ఒక్క ఆదివారం నాడే నలభై మూడు తిట్లు లెక్కపెట్టాను. వాటిని రాసినవాళ్లు కూర్చున్న చోటు నుంచి లేచి కూడా ఉండరు.

తమ్ముడి కూతురిది ఉదయగిరి. కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతుంది. చెక్కేటప్పుడు ఫోను ఎదురుగా పెట్టి వీడియో తీసి తన పేజీలో పెడుతుంది. వాటిలో కనిపించేది రెండు చేతులు, ఒక ఆకురాయి, మెల్లగా నునుపు తేలే చెంచా. ఆ రెండు చేతులను చూసి అంతంత మాటలు రాయడానికి వాళ్లకు ఏం తోచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు.

తొమ్మిదో తేదీ మంగళవారం నేను వెళ్లేసరికి ఆమె భర్త అన్న గడప మీద నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో పెత్తనం అతనిదే.

"చూడు పెద్దమ్మా, ఊర్లో తలెత్తుకోలేకుండా ఉండాను. అమావాస్య దాకా చూస్తా. ఆ పేజీ తీసేయాల్సిందే."

"తిట్టినోళ్లను అడగరాదా?" అన్నాను.

"వాళ్లను నేనేంది అడిగేది? మగోళ్లు, ఏదో అంటా ఉంటారు."

అదీ అతని పౌరుషం. తిట్టినవాళ్ల మీదికి పోలేడు, తిట్లు తిన్న మనిషి మీదికి మాత్రం రాగలడు.

అతను వెళ్లాక అమ్మాయి ఆకురాయి కింద పెట్టేసింది. "తీసేస్తాలే అత్తా. ఈ పేజీ లేకుంటే మళ్లీ గరిటెలు కొనే ఆ దళారి కొట్టు ముందర నిలబడాల. అంతే గదా."

అంతే కాదు. ఎవరికి ఏం చెక్కాలో, ఎప్పుడు చెక్కాలో తానే చెప్పుకొనే పని ఆమెకు జీవితంలో ఇదొక్కటే.

పేజీ సెట్టింగుల్లో ఒక చోటుంది. అక్కడ మనకు అక్కరలేని మాటలను కామాలు పెట్టి వరసగా రాస్తే, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా కొత్తగా వచ్చే కామెంటు దానంతట అదే మరుగున పడుతుంది. అమ్మాయి అది చూపించగానే నా సంచిలోంచి నోటు పుస్తకం తీశాను. పాత కామెంట్లన్నీ చదివి తిట్లను విడివిడిగా రాశాను. ఇరవై ఆరు తేలాయి. అన్నేసి కామెంట్లకు ఇరవై ఆరే మాటలు. తిట్టడంలో కూడా కొత్తగా ఒక్క మాట పుట్టించలేని దరిద్రులు.

తెలుగు అక్షరాల్లో ఇరవై ఆరూ ఎక్కించి పడుకున్నాం. తెల్లారి చూస్తే ఆగినవి నాలుగే. అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఆ జాబితాకు అది వేరే మాట. అక్షరం రెండుసార్లు కొడితే వేరే మాట. మధ్యలో చుక్కలు పెడితే, అక్షరానికి బదులు అంకె వేస్తే, చివర 'వి' అనో 'కి' అనో తగిలిస్తే వేరే మాట. పుస్తకంలో ఒక్కో తిట్టుకు ఒక్కో పేజీ కేటాయించి, కనిపించిన రూపాలన్నీ దాని కింద రాశాను. నేను చదవడం, ఆమె ఫోనులో కొట్టడం.

"అత్తా, మెల్లగా! పక్కింటోళ్లు ఇంటారు!"

"విననీ. రాసినోళ్లకు లేని సిగ్గు చదివేదానికి నాకెందుకు?"

మధ్యాహ్నానికి నూట పద్దెనిమిది అయ్యాయి. సాయంత్రానికి పేజీ శుభ్రపడింది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. మరుగున పడ్డ కామెంటు, రాసినవాడికీ వాడి స్నేహితులకూ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. ఆత్మకూరులో ఎరువుల కొట్టాయన ఒకడు, నేను దారిన పోతుంటే చేతులు జోడించి "అమ్మా" అంటాడు. సొంత ఫొటో పెట్టుకుని ఆ తిట్లు రాసినవాళ్లలో అతనూ ఒకడు. ఇప్పటికీ లోకమంతా చదువుతోందనుకుని రాస్తూనే ఉన్నాడు.

తిట్టు మాట ఒక్కటీ లేకుండా మర్యాదగా చేసే అవమానం మాత్రం ఏ జాబితాకూ దొరకదు. "ఈమెకు ఇంట్లో చెప్పేవాళ్లు లేరా అండీ" అని ఒకడు రాశాడు. దాన్ని చేత్తో తీసేశాం.

ఆ రాత్రే నేను తప్పు చేశాను. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేయండి, ఈ నంబరుకు కాల్ చేయండి అంటూ ఏవో బోగస్ ప్రకటనలు వీడియోల కింద పడుతుండేవి. చేయి తిరిగిందిగదా అని 'కాల్', 'నంబరు', 'వాట్సాప్' కూడా రెండు లిపుల్లో ఎక్కించాను. పదో తేదీ అని పుస్తకంలో ఉంది. గర్వంగా కింద గీత కూడా గీశాను.

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఉదయగిరి వెళ్లాను. తిట్లు లేవు. బేరమూ లేదు. అమ్మాయి బావ, అదే ఆ పెత్తనం మనిషి, ముఖం వెలిగిపోతోంది.

"చూసినావా పెద్దమ్మా? తిట్టేవోడూ లేడు, కొనేవోడూ లేడు. ఇంక ఎవురి కోసం?"

అమ్మాయి ఆకురాయి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసి ఉంది.

నేను పుస్తకం తెరిచాను. అమ్మాయి చెప్పిన చివరి బేరం తొమ్మిదో తేదీ. గీత గీసింది పదో తేదీ. అప్పుడు చెవిలో అమ్మాయి గొంతే వినిపించింది. పేజీలో తన నంబరు పెడితే అర్ధరాత్రి ఫోన్లు చేసే వెధవలు ఉంటారని, ఆమె ప్రతి వీడియో చివరా ఒకే మాట చెబుతుంది: "కావాల్సినోళ్లు మీ నంబరు కింద పెట్టండి, నేనే కాల్ చేస్తా." ఆ మాట నేను పాతికసార్లు విన్నాను. దానికి కొనేవాళ్లు "నా నంబరు ఇది, కాల్ చేయండి" అనే రాస్తారని తెలిసి కూడా ఆ మూడు మాటలూ ఎక్కించాను. తిట్టేవాళ్ల తెలివిని వెక్కిరిస్తూ కూర్చున్న దాన్ని, నా తెలివి అంతకంటే గొప్పగా ఏమీ లేదు.

"మరుగున పడ్డవి తియ్యి," అన్నాను.

"ఆ బూతులు మళ్లీ నేను చూడను అత్తా."

"ఫోను నాకియ్యి."

తిట్ల మధ్యలో పందొమ్మిది నంబర్లు ఉన్నాయి. నెల్లూరులో హోటలు నడిపే ఒకాయన అన్నం గరిటెలు అడిగాడు. అనుమసముద్రంపేటలో దర్గా దగ్గర చిన్న అంగడి పెట్టుకున్న ఒకామె మూడుసార్లు రాసింది. మొదటిసారి "నా నంబరు" అంటూ అంకెలు. రెండోసారి నంబరుతో పాటు "యాభై చెంచాలు కావాల." మూడోసారి "నా నంబరు కనపడలేదా చెల్లెమ్మా, నా మీద ఏమన్నా కోపమా?"

అది చదివి వినిపించాక అమ్మాయి కళ్లు తుడుచుకుని ఫోను లాక్కుంది.

ఆ మూడు మాటలూ తీసేశాను. వాటికి బదులు 'ఇంట్లో కూర్చుని ఉద్యోగం' అన్న మొత్తం మాటను, దాని ఇంగ్లీషు అక్షరాల రూపాలతో సహా పెట్టాను. ఇప్పుడు బోగస్ ప్రకటనలు కొన్ని జారిపోతుంటాయి. పోనీ. కొనేవాళ్ల నంబరు రాసుకున్నాక ఆ కామెంటును అమ్మాయే చేత్తో దాచేస్తుంది. ఆ మంద మధ్యలో పరాయి ఆడవాళ్ల నంబర్లు పడి ఉండకూడదు గదా. తప్పు పదో తేదీ పేజీలోనే, నా పేరు మీదే రాసుకున్నాను.

పందొమ్మిది మందిలో ఆరుగురు అప్పటికే వేరేచోట కొనేశారు. మిగతా పదముగ్గురు ఆగారు.

అమావాస్య నాడు బావ వచ్చి గడప మీద నిలబడ్డాడు. లోపల అమ్మాయి ఒడినిండా చెక్కపొట్టు, భుజానికీ చెవికీ మధ్య ఫోను. అతని వైపు తల కూడా తిప్పలేదు.

"కోపమేంది అక్కా," అంటోంది అనుమసముద్రంపేట ఆమెతో. "మా అత్త దాచిపెట్టింది నీ నంబరు. మళ్లీ ఆమే ఎతికింది. యాభై శుక్రవారానికి ఇస్తా."