మనస్తాపం, పుట్టినయిల్లు

తొమ్మిదో తరగతి పిల్లలు తెలుగు టీచరుకు పెట్టుకున్న పేరు విసర్గ. గుండ్రటి కళ్ళద్దాలతో ఆవిడ తల పక్కకు వాల్చి చూస్తే రెండు సున్నాలు ఒకదాని కింద ఒకటి నిలబడతాయని వాళ్ళ వాదన. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా తల వాల్చడం మానలేదు.

ఆవిడకున్న అసలు చిక్కు వేరు. సొంత మేనకోడలు అదే తరగతిలో చదువుతోంది. పిల్ల తండ్రి, అంటే ఆవిడ తమ్ముడు, అదే బడిలో లెక్కల మాస్టారు. "అత్త చేతిలో మార్కులు, ఇంకేం లోటు!" అనే మాట ఎక్కడ పడాల్సివస్తుందోనని, ఆ పిల్ల కాగితం దిద్దేటప్పుడు ఆవిడ ఎర్రసిరా కాస్త ధారాళంగా వాడేది. పిల్ల కూడా తక్కువది కాదు. ఇంట్లో దాని పేరు లాయరు. పళ్ళు తోముకోమన్నా ఏ చట్టం ప్రకారమని అడిగే రకం.

ఆ వారం పరీక్షలో పాఠంలోని అలిగిన కోడలి కథను సొంత మాటల్లో రాయమన్నారు. కాగితాలు పంచిన రోజు భోజనాల గంట కొట్టగానే లాయరు తన కాగితంతో టీచర్ల గదికి వచ్చింది. మూలన తమ్ముడు టిఫిన్ డబ్బా మూతతో కుస్తీ పడుతున్నాడు.

"టీచర్, ఒక్క వాక్యంలో నాకు రెండు మార్కులు పోయాయి."

ఆవిడ కాగితం అందుకుని చదివింది. 'అత్త మాటకు మనస్థాపం చెంది కోడలు పుట్టినయిల్లు చేరింది.' రెండు మాటల చుట్టూ ఎర్రటి గీతలు.

"ఇంతకీ ఈ అత్త ఎవరే?" అంది.

"కథలో అత్త, టీచర్. మీరెందుకు భుజాలు తడుముకుంటారు?"

తమ్ముడు నవ్వు ఆపుకోబోయి పొలమారాడు.

"మనస్థాపం తప్పెలా అవుతుంది? బాధను మనసులో స్థాపించుకుంది కాబట్టి మనస్థాపం. పేపర్లలో కూడా అలాగే రాస్తారు."

"స్థాపించడానికి బాధేమన్నా విగ్రహమా? అది తాపం. తాపమంటే మంట. మనసు మండితే మనస్తాపం. మనః పక్కన తాపం వచ్చింది. విసర్గ తరవాత 'త' ఉంటే విసర్గ 'స్' అవుతుంది. 'త' మాత్రం 'త'గానే ఉంటుంది, 'థ' కాదు. నమః, తే కలిపితే ఏమవుతుంది?"

"నమస్తే."

"పొద్దున్నే నాకు నమస్థే అని చెప్పడం లేదుగా?"

"సరే, ఆ కేసు ఓడిపోయాను. పుట్టినయిల్లు సంగతి చెప్పండి."

"పుట్టిన, ఇల్లు కలిస్తే పుట్టినిల్లు. 'న'లో ఉన్న అకారం పోయి ఇకారం నిలుస్తుంది. అత్వసంధి. అయిపోయింది, వెళ్ళి అన్నం తిను."

"మరి నా పక్కమ్మాయి కూడా పుట్టినయిల్లే రాసింది. దానికి టిక్కు పెట్టారు."

తమ్ముడు ఎట్టకేలకు డబ్బా మూత ఊడదీసి, "అక్కా, సమీకరణానికి రెండువైపులా ఒకటే ఉండాలి మరి" అన్నాడు.

"నువ్వు నీ అన్నం తిను" అని ఆవిడ సొరుగులోంచి వ్యాకరణ పుస్తకం తీసింది. తనకు రాని నియమమేం కాదు, ఏటా చెప్పేదే. అయినా వేలు పెట్టి, పైకి వినిపించేలా చదివింది. అత్వసంధి బహుళం. అంటే జరగవచ్చు, జరగకపోనూ వచ్చు. మేన, అల్లుడు కలిస్తే మేనల్లుడు అవుతుంది. సంధి చేయకపోతే మధ్యలో 'య' వచ్చి మేనయల్లుడు అవుతుంది. పుట్టిన, ఇల్లు కూడా అంతే.

"అయితే రెండూ ఒప్పేనా?" అంది పిల్ల.

"రెండూ ఒప్పే. పక్కమ్మాయిది సరిగ్గా దిద్దాను. నీదే తప్పు దిద్దాను."

చెబుతుంటే ఆవిడ చెవులు వేడెక్కాయి. నియమం మరచిపోయి చేసిన పొరపాటైతే ఇంత ఇబ్బంది అనిపించేది కాదు. మేనకోడలి కోడిగీతల చేతిరాత కనబడగానే కలం దానంతటదే గీత గీసిందని ఆవిడకు బాగా తెలుసు. గీత కొట్టేసి, పక్కన మార్కు వేసి, పొట్టి సంతకం చేసింది.

పిల్లకు గెలిచిన సంతోషం కంటే అత్త ముఖం చూసి బెంగే ఎక్కువైంది. "పోనీ టీచర్, ఒక్క మార్కేగా" అంది.

"నోర్ముయ్. న్యాయానికి పోనీలు ఉండవు. వెళ్ళి తరగతిలో అందరి కాగితాలూ వెనక్కి తీసుకురా, మళ్ళీ చూస్తాను."

"ఆకలేస్తోంది అత్తా!"

"తిన్నాకే తీసుకురా తల్లీ."

ఆ సాయంత్రం ఆవిడ కట్టంతా ముందేసుకుని, ప్రతి కాగితం మీదా పేరున్న మూల మడతపెట్టి దిద్దడం మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరికి మార్కులు పెరిగాయి, ఒకడికి తగ్గాయి. పద్ధతి బాగానే ఉందనుకుంటుండగా, కోడి గీకినట్టున్న అక్షరాలతో ఒక కాగితం వచ్చింది. మూల ఎంత గట్టిగా మడిచినా అది ఎవరిదో ఆ రాతే చెబుతోంది. ఆవిడ నవ్వుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మొదటి వాక్యం నుంచి నెమ్మదిగా చదవసాగింది.