కేథరిన్ ఆంటీ కారణం చెప్పని రోజు

కాదనడం చేతకాని మనిషిని చూడాలంటే ఆ రోజుల్లో నాంపల్లి స్టేషన్ వెనక మా లేడీస్ హాస్టల్‌కి వచ్చి, వార్డెన్ కేథరిన్ ఆంటీని చూస్తే చాలు. పాలతను ఇంకో ప్యాకెట్ తీసుకోమనేవాడు. ఎందుకు అక్కర్లేదో ఆమె మొదలుపెట్టేది. ఇద్దరమ్మాయిలు ఊరికి పోయారని, నిన్నటి పాలు విరిగిపోయాయని చెప్పేది. అతను ప్రతిదానికీ ఓ జవాబిచ్చేవాడు. చివరికి ప్యాకెట్ ఆంటీ చేతిలోనే ఉండేది.

ఆంటీది మెదక్. వాళ్ళ నాయన చర్చిలో ఉపదేశిగా చేసేవాడట. "గడప తొక్కినోళ్ళ మనసు నొప్పియ్యొద్దు" అన్న ఆయన మాటను కొంగున ముడేసుకుని బతికింది మహాతల్లి. నాకైతే ఒళ్ళు మండిపోయేది. నేను ఆబిడ్స్‌లో చీరల షాపులో పనిచేసేదాన్ని. పొద్దస్తమానం కౌంటర్ దగ్గర జనంతో నోరు చేసుకునేదాన్ని. నాకు ఈ మెత్తదనం ఎక్కడ నచ్చుతుంది?

ఇది రెండువేల ఆరు నాటి ముచ్చట. హాస్టల్ వంటింట్లో గోడకి నీళ్ళు శుద్ధి చేసే మిషన్ ఉండేది. లోపల ఓ దీపం, దాని వెలుగుకి నీళ్ళలో క్రిములు చస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది గానీ బలం పోతుంది, మార్చాలి. మార్చే పూచీ కంపెనీది. ఏడాది కాంట్రాక్టు కట్టేది అందుకే. కంపెనీ నుంచి బాలకిషన్ అనే మెకానిక్ వచ్చేవాడు. మూత తీసి, బట్టతో తుడిచి, "దీపం మంచిగుంది ఆంటీ" అని స్లిప్పు చాపేవాడు. ఆంటీ సంతకం పెట్టి, కింద గళ్ళో "చాలా సంతోషం. దేవుడు నిన్ను దీవించును గాక" అని రాసేది. ఆపైన ఉప్మా పెట్టి పంపేది.

ఆ చలికాలం మా గదిలో ప్రభావతికి పచ్చకామెర్లు వచ్చాయి. బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్ తను, ఇంటికంతటికీ ఆమె జీతమే ఆధారం. దవాఖానలో డాక్టరు ముందడిగింది, "ఏ నీళ్ళు తాగుతున్నావు?" అని. తెలిసిన వేరే మెకానిక్‌ని పిలిపించి చూపిస్తే, దీపం మార్చి రెండేళ్ళు దాటిందన్నాడు.

ప్రభావతిని వాళ్ళమ్మ ఊరికి తీసుకుపోయింది. ఫోన్లో ఖరాఖండిగా చెప్పింది: "నీళ్ళు మారితేనే పంపుత. లేకుంటే నౌకరీ ఇడిపిస్త." కొత్త మిషన్‌కి హాస్టల్ కమిటీ సెక్రటరీ ఇజ్రాయేల్ గారు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. పాత కాంట్రాక్టు ఆగితేనే కొత్తది. రెండూ మోయడం హాస్టల్ వల్ల కాదు.

"ఆగుతది సార్. నేను బాలకిషన్‌కి ఇగ వద్దని అప్పుడే చెప్పిన," అంది ఆంటీ.

ఇంటికొచ్చే మనిషికి చెబితే కంపెనీకి చెప్పినట్టేనని ఆమె లెక్క! కాంట్రాక్టు కాగితం తెప్పించి, వెనక వైపు చీమతలకాయంత అక్షరాలను కళ్ళు చికిలించుకుని చదివాను. గడువు ముగిసేందుకు నెల ముందు రాతపూర్వకంగా వద్దనకపోతే కాంట్రాక్టు దానంతటదే ఇంకో ఏడాది సాగుతుంది. ఫీజు కూడా హాస్టల్ ఖాతాలోంచి దానంతటదే పోతుంది. గడువు జనవరి నెలాఖరు. అంటే లెటర్ డిసెంబరు దాటకుండా అందాలి, అప్పటికే క్రిస్మస్ వెళ్ళిపోయింది. పోస్టులో వేస్తే చేరుతుందో లేదో. చేత్తో ఇచ్చి ముద్ర వేయించుకోవాల్సిందే.

మర్నాడు షాపుకి సెలవు పెట్టి, ఆంటీని వెంటేసుకుని ముందు ఆబిడ్స్‌లో బ్యాంకుకి పోయాను. ఖాతాలోంచి ఆ కంపెనీకి డబ్బు పోవద్దని లెటరిచ్చాం. కౌంటర్‌లో ఉన్న అనసూయగారు మంచావిడ. "మేం ఆపుతం అమ్మా. కానీ మేం ఆపినంత మాత్రాన కాంట్రాక్టు ఆగదు. బిల్లు ఇంటికి పంపిస్తరు. కంపెనీకి కూడా ఇయ్యిన్రి," అంది.

బషీర్‌బాగ్‌లో కంపెనీ ఆఫీసు మేడ మీద ఉంది. "ఏమని చెప్పాలె విమలా?" అని ఆంటీ మెట్టుకోసారి అడిగింది. ఈమె ఇప్పుడు కామెర్ల నుంచి మొదలుపెట్టి పాలు విరగడం దాకా చెబుతుంది, వాళ్ళు ఇంకో ఏడాది అంటగట్టి పంపుతారు, అయిపోయింది మా పని అనుకున్నాను.

మేనేజర్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. లెటర్ చదివి, ఫైలు తెప్పించి, స్లిప్పులన్నీ బల్ల మీద పరిచాడు.

"ఇవి మీ సంతకాలే కదా మేడమ్?"

"ఔ, నావే."

"చాలా సంతోషం అని మీరే రాసిన్రు. దీవెనలు గూడా ఇచ్చిన్రు. మరి ఇప్పుడేమైంది? మావోడు సరిగ చెయ్యలేదా? కారణం చెప్పుండ్రి, ఇప్పుడే చూస్త."

నేను ఇంతెత్తున లేవబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"వద్దు నాయనా," అంది.

"కొత్త దీపం రేపే ఏపిస్త మేడమ్, ఫ్రీ."

"వద్దు నాయనా."

"సర్వీసులు రెండు ఎక్కువిస్త. ఇంతకీ కారణమేంది?"

"వద్దు. ముద్ర ఎయ్యి."

అంతే. ఇక పెదవి కదపలేదు. మేనేజర్ నా వైపు చూశాడు. కారణం రాయాలని కాంట్రాక్టులో ఎక్కడా లేదన్నాను, లెటర్ అందినట్టు ముద్ర మాత్రం కావాలన్నాను. అతను ఫైలు తిరగేశాడు, టీ తెప్పించాడు, మళ్ళీ అడిగాడు. ఆంటీ ఒళ్ళో చేతులు పెట్టుకుని ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చుంది. నేనైతే నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాను. పాలప్యాకెట్ వద్దనలేని మనిషేనా ఈవిడ? ఎట్టకేలకు అతను మా నకలు మీద ముద్ర కొట్టి, తేదీ వేసి, సంతకం చేశాడు.

ఫిబ్రవరిలో పాస్‌బుక్ వేయిస్తే ఆ కంపెనీ పేరే లేదు. కొత్త మిషన్ వచ్చింది. ప్రభావతి ఊరి నుంచి దిగి, సంచి కింద పెట్టకముందే గ్లాసు నింపుకుని తాగింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ ఆదివారమే బాలకిషన్ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆంటీ, మేనేజర్ నన్ను పిలిచి అడిగిండు. నీ మీద ఏం చెప్పలేదు రా అన్నడు. మరెందుకు బంద్ చేసిన్రు?"

ఆంటీ అతన్ని లోపలికి పిలిచి పీట వేసింది. ప్రభావతిని కేకేసి తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. పిల్ల కళ్ళల్లో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"గాడ ఆఫీసుల చెప్తే నీ నౌకరీ పోతుండె. అందుకని చెప్పలే. గీడ చెప్తున్న, ఇను. దీపం మార్చకుండనే మంచిగుందన్నవు. నేను సంతకం పెట్టిన. ఈ బిడ్డ మంచాన పడ్డది. గిది నీ తప్పు, నా తప్పు. ఇంకెవరింట్ల గిట్ల చెయ్యకు."

గొంతు పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. షాపులో రోజంతా అరిచే నేను, ఎదుటి మనిషి ముఖమ్మీద ఇంత నిజం ఎన్నడైనా చెప్పానా?

బాలకిషన్ లేచి పోబోయాడు.

"యాడికి? కూసో. అన్నం తినిపో," అంది ఆంటీ.

కంచం పెట్టి పప్పు వడ్డించింది. అతను తలొంచుకుని అన్నం కలుపుతూ కూర్చున్నాడు. కలుపుతూనే ఉన్నాడు. ప్రభావతి వెళ్ళి కొత్త మిషన్ దగ్గర గ్లాసు నింపి, తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది.