అడగని వాటా

ఆళ్లగడ్డలో ఆ నాలుగు వీధులకూ నాగమణి పిండిమిషనే దిక్కు. జొన్నలు ఆడించాలన్నా, ఎండాకాలం మొదలవగానే మిరపకాయలు పట్టించాలన్నా అందరూ డబ్బాలెత్తుకుని ఆమె దగ్గరికే వస్తారు. మొగుడు యెషయా గుండెపోటుతో పోయి ఆరేళ్లయింది. మిషను అమ్మేసి నంద్యాలకొచ్చి తమతో ఉండమని అప్పట్లో యెషయా అన్న, బావ ఫిలిప్ చెప్పాడు. ఆమె పోలేదు. మిషను వెనకాల ఉన్న రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయింది. అత్త సారమ్మ కూడా పెద్దకొడుకు దగ్గరికి పోకుండా కోడలి దగ్గరే నిలిచిపోయింది. ఎవరన్నా అడిగితే, "ఈడ నా చర్చి ఉంది, నా మాట వినే మనుషులుండారు. ఆడికి పోయి టీవీ చూస్తా కూర్చోవాల్నా?" అనేది.

ఏప్రిల్లో సారమ్మకు డెబ్బై నిండుతాయి. దానికోసం ఫిలిప్ తల్లిని కలపకుండా ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. అందులో ఉన్నది నలుగురే. కాంట్రాక్టులు చేసే ఫిలిప్, బడిలో టీచరుగా ఉన్న చెల్లెలు ఫెబా, విత్తనాల గోడౌన్లో పనిచేసే చిన్నతమ్ముడు ఆనందరావు, ఆళ్లగడ్డలో నాగమణి. మొదటి ముగ్గురూ నంద్యాలలోనే కాపురం.

ఆ రోజు నాగమణి మిషను ఆపి, చేతులకంటిన కారం తుడుచుకుని ఫోను చూసింది. ఫిలిప్ పెట్టిన మాట ఇది:

"అమ్మకు తులమున్నర గొలుసు చేపిస్తాండాము. తరుగు, మజూరీ, పన్ను అన్నీ కలిపి రెండు లక్షల పది వేలు. నేను, ఫెబా, ఆనందరావు తలా డెబ్బై వేలు వేసుకోవాల. నాగమణిని లెక్కలోకి తీసుకోలేదు. ఆమె ఇబ్బంది మనకు తెల్సు. వచ్చే ఆదివారం లోపల పంపండి."

కింద ఫెబా "సరే అన్నా" అని పెట్టింది. ఆనందరావు దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టాడు.

నాగమణి ఆ మాటలు రెండుసార్లు చదివింది. మెడ వెనక వేడి పుట్టింది. అది కారం ఘాటు కాదు. ఆరేళ్లుగా అత్తకు అన్నం పెడుతున్నది ఆమె, బీపీ మాత్రలు తెచ్చేది ఆమె, కాళ్లు వాస్తే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయేది ఆమె. అట్లాంటిది ఇబ్బంది ఉందని ఎవరూ అడక్కుండానే లెక్కలోనుంచి కొట్టేశారు. వాటా ఎంతని కాదు ఆమెకు కోపం. ఇస్తావా అన్న ముక్క ఒక్కటైనా అడగలేదని.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆనందరావు బండేసుకుని వచ్చాడు. సారమ్మ ప్రార్థన కూటానికి పోయి ఉంది. మరిది మంచినీళ్లు తాగి, గోడకానుకుని, మిషను బెల్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వదినా, ఒక నలభై వేలు సర్దుతావా. జీతం రాంగానే... కాదు, బోనసు వచ్చినంక ఇస్తా."

"గొలుసుకా?"

ఆయన తల దించుకున్నాడు. భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆపరేషన్ చేయాల్సి రావొచ్చని డాక్టరమ్మ చెప్పింది. చేతిలో ఉన్నది దానికే చాలదు.

"ఆ మాట మీ అన్నకు చెప్పలేదా?"

"యాడ చెప్పేది? అందరూ సరే అంటాంటే నేనొక్కన్ని లేదంటే ఏం బాగుంటాది? నువ్వియ్యకపోతే గోడౌన్లో ఒకాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు."

నాగమణికి నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. వాటా ఇచ్చే స్తోమత లేదని తీసేసిన మనిషి దగ్గరికే ఆ వాటా అప్పడగడానికి వచ్చాడు.

"అప్పియ్యను ఆనందా," అంది. "నా దగ్గర అంత లేదు, ఉన్నా ఇయ్యను. అమ్మ మెడలో ఏసే దానికి వడ్డీ కట్టుకుంటా కూర్చుంటావా? ఆదివారం నేను నంద్యాలకు వస్తాండా. ఆ వడ్డీ ఆయన దగ్గరికి మాత్రం పోవద్దు."

ఆదివారం ఆరాధన అయిపోగానే, చర్చి ముందర ఉన్న తెలిసినావిడకు సారమ్మను అప్పజెప్పి, నాగమణి నంద్యాల బస్సెక్కింది.

సంజీవనగర్‌లో ఫిలిప్ ఇంటి హాల్లో అందరూ ఉన్నారు. ఫిలిప్ భార్య హిమజ గొలుసుల ఫోటోలు ఫోన్లో చూపిస్తోంది. నాగమణి గడప దాటి లోపలికి రాగానే ఆ చెయ్యి ఆగింది.

"ఏం నాగమణీ, చెప్పా పెట్టకుండా వచ్చినావ్?" అన్నాడు ఫిలిప్. "నీకు ఇబ్బందని నిన్ను అడగలేదు కదమ్మా."

"అడగలేదనే వచ్చినా బావా."

హిమజ లేచి కాఫీ పెడతానంది. నాగమణి ఇప్పుడొద్దక్కా అని చెప్పి, కుర్చీ లాక్కుని ఫిలిప్‌కు ఎదురుగా కూర్చుంది.

"గొలుసు ముందు ఏరుకుని, దాని ఖరీదును మనుషులకు పంచినారు. అట్ల గాదు చేయాల్సింది. ముందు ఎవరు ఎంత ఇయ్యగలరో అడగాల. అప్పు చేయకుండా, ఇంట్లో ఖర్చు ఆపుకోకుండా ఎంత ఇయ్యగలరో అంత. అదంతా కలిపితే ఎంతొస్తాదో, దాంట్లో ఏమొస్తాదో అది కొనాల."

"అందరూ సరే అన్నారు గదా," అన్నాడు ఫిలిప్.

"పెద్దోడివి నువ్వు ముందే అంకె చెప్పేసినంక కాదనేదెవురు? కాదంటే అమ్మ మీద ప్రేమ లేదని అర్థమొస్తాది. ఆ భయానికి సరే అంటారు."

ఆనందరావు కిటికీ బయటికి చూస్తున్నాడు. ఆయన సంగతి నాగమణి బయట పెట్టలేదు. పెట్టే ఉద్దేశమూ లేదు.

ఫిలిప్ మొహం బిగుసుకుంది. "డెబ్బయ్యేళ్ల తల్లికి తులమున్నర పెట్టలేరా అని నలుగురూ అనుకోరా? తక్కువ పడితే మిగతాది నేనేస్తా. నీకెందుకు ఇదంతా?"

"నీకు గొలుసు పెట్టాలనుంటే పెట్టు బావా, ఎవరొద్దన్నారు? అయితే అది నీ బహుమానం. నీ పేరుతోనే ఇయ్యి. నలుగురు కలిసి ఇచ్చేదాంట్లో మాత్రం నలుగురి మాటా ఉండాల. నా మాట కూడా."

"నువ్వు అమ్మను చూసుకుంటాండావు. అదే చాలు."

"చూసుకునేది ఏరే, ఇచ్చేది ఏరే. చూసుకుంటాంది కాబట్టి ఇయ్యక్కర్లేదంటే, రేపు ఇచ్చినోళ్లు చూసుకోనక్కర్లేదంటారు. అత్త నాకు భారమని నేనెప్పుడన్నా చెప్పినానా? నన్ను తీసేస్తే నేను పుట్టినరోజు కూటానికి రాను. గొలుసేసేటప్పుడు ఫోటోలో కూడా నిలబడను."

లోపల కుక్కర్ కూత వేసింది. ఫెబా కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆమె అంతదాకా ఫిలిప్ మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు.

"అన్నా, ఆమె చెప్పింది చేసి చూద్దాం. ఎవరికి వాళ్లు ఎంతో నాకు ఏరేగా మెసేజ్ పెట్టండి. నేను మొత్తం మాత్రమే చెప్తా. ఎవురిదెంతో నా నోట్లోంచి రాదు."

"ఎవరూ ఇంకొకర్ని అడగకూడదు కూడా," అంది నాగమణి. "ఇంటికి పోయినంక మొగుడూపెళ్లాలు ఊహించుకోవడం కూడా వద్దు."

ఫిలిప్ "మీ ఇష్టం" అని విసురుగా లేచి పోయి వరండాలో నిలబడ్డాడు. అయినా ఆయన కూడా ఫోను తీశాడు. నాగమణి ఐదు వేలు అని పంపింది. ఆ మొత్తానికి ఆమె సిగ్గుపడలేదు. మిషనులో అరిగిన రాళ్లకు గాట్లు కొట్టించాల్సిన నెల అది. ఆ ఖర్చు తీసేస్తే మిగిలింది ఐదు వేలే.

ఫెబా లెక్క వేసుకుని తలెత్తింది. "అరవై ఒక్క వేలు."

నాగమణికి తన లెక్క తెలుసు. మిగిలినవి ఆమెకు తెలియవు. అయినా ఒక విషయం చెప్పకుండానే అందరికీ అర్థమైపోయింది. ఫిలిప్ ఒక్కడే ఇస్తానన్న డెబ్బై వేలకంటే నలుగురిదీ కలిపినా తక్కువొచ్చింది. ఆయన కాంట్రాక్టు బిల్లులు ఆగిపోయాయని అంతకుముందు గుసగుసలుండేవి. అంటే తాను పెట్టిన అంకె ఆయనకే బరువైంది. అడిగేవాళ్లు లేక ఇన్నాళ్లూ దాన్ని మోశాడు.

హిమజ మొహం ఎర్రబడింది. నాగమణి ఆమె వైపు చూడలేదు. "బాగానే వచ్చింది వదినా," అంది ఫెబాతో. "దీంట్లో ఏమొస్తాదో చూద్దాం."

అప్పుడు ఆనందరావు మొదటిసారి నోరు విప్పాడు. "అమ్మకు ఏసీ పెట్టిద్దాం. పోయిన ఎండాకాలం చాప తడుపుకుని పడుకునింది. నేను చూసినా."

ఫెబా సరేనంది. వరండాలోంచే ఫిలిప్, "మంచి కంపెనీది ఒక టన్నుది ముప్పై ఐదు వేల లోపు వస్తాది" అన్నాడు. ఇల్లు కట్టేవాళ్లతో తిరిగే మనిషి కదా, ధరలు తెలుసు.

"అది ఏసీ ఖరీదే," అంది నాగమణి. "స్టెబిలైజరు, గోడకు స్టాండు, దానికని ఏరే వైరు లాగాల. మా ఇంటి మీటరుకు లోడు చాలదు, కరెంటాఫీసులో పెంచమని కట్టాల. ఇవన్నీ ఏసుకో."

ఫెబా వేసింది. నలభై ఎనిమిది వేల చిల్లర అయింది.

"ఇంక పన్నెండు వేల చిల్లర మిగులుతాది," అన్నాడు ఆనందరావు. "దానికి మంచి చీర తీసుకుందాం."

"బిల్లు?"

అందరూ ఆమెవైపు తిరిగారు.

"ఏసీ ఆడితే నెలనెలా కరెంటు బిల్లు రెండు వేలన్నా పెరుగుతాది. ఆ బిల్లు నా పేరున వస్తాది. మీరు బహుమానం ఇచ్చి పోతారు, కట్టేది నేను. అత్త అది చూసి ఏసీ ఆపేసి చాప తడుపుకుంటాది. అట్లైతే ఈ బహుమానం ఎందుకు? ఈ ఎండాకాలం బిల్లు కూడా దీంట్లోనే ఎత్తిపెట్టండి. నాకివ్వొద్దు, ఫెబా వదిన దగ్గరే ఉండనీ. బిల్లు వచ్చినప్పుడు ఆమె కడతాది."

వరండా గుమ్మంలో ఫిలిప్ నిలబడ్డాడు. "ఇట్లా ప్రతిదానికీ లెక్కేస్తే బహుమానం అంటారా దీన్ని?"

"లెక్కేసుకుని ఇచ్చేది కూడా ప్రేమే బావా. లెక్కెయ్యకుండా ఇచ్చి, ఒకరి నెత్తిన పెట్టిపోయేదే కాదు."

ఆయన మళ్లీ వరండాలోకి తిరిగాడు. అవునని మాత్రం అనలేదు.

సారమ్మ పుట్టినరోజు ఆళ్లగడ్డలోనే జరిగింది. భోజనాల ఖర్చు ఫిలిప్ తనదిగా పెట్టుకున్నాడు, అది బహుమానంతో కలపలేదు. ప్రార్థన అయినాక పాస్టరుగారు చిరునవ్వుతో, బిడ్డల్లో ఎవరెవరు ఎంతెంత కానుకిచ్చారో చెప్పమన్నారు. అక్కడ అదొక ఆనవాయితీ. హిమజ భర్త వైపు చూసింది. నాగమణి ముందుకొచ్చి, "నలుగురం కలిసి ఇచ్చినామయ్యా. నలుగురి పేర్లు చదవండి, ఎంతన్నది వద్దు," అంది. ఆయన నలుగురి పేర్లూ చదివారు. నాలుగో పేరు చదివేటప్పుడు సారమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

ఫిలిప్ ఆ రోజు నాగమణితో మాట్లాడలేదు. నెలన్నర దాకా మాట్లాడలేదు. ఆమె కూడా పోయి బతిమాలలేదు. గ్రూపులో ఆనందరావు "వదిన కొంచెం మెత్తగా చెప్పుండొచ్చు" అని పెడితే, "మెత్తగా చెప్పేవాళ్లు ఇంతకాలం సరే అనే అన్నారు" అని రాసి ఫోను పక్కన పెట్టింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం మిషను దగ్గర మనుషులు లేరు. బయట ఎండ కళ్లు తెరవనివ్వకుండా ఉంది. ఫిలిప్ బండి వచ్చి ఆగింది. ఆయన నాగమణిని చూసి తల పంకించి, నేరుగా తల్లి గదిలోకి పోయాడు. గది చల్లగా ఉంది. సారమ్మ దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కొడుకును చూసి లేచి, "కూర్చో నాయనా, చల్లగా ఉంది" అంది.

ఆయన కూర్చున్నాడు. కొంతసేపటికి లోపలినుంచే, "నాగమణీ, ఈసారి బిల్లెంతొచ్చింది?" అని అడిగాడు.

"ఫెబా వదిన కట్టింది బావా," అని చెప్పి ఆమె వరుసలో మిగిలిన డబ్బా ఎత్తి మిషను స్విచ్చి వేసింది.