రాలిపోయే నెలలు

ఒమన్‌లోని సీబ్‌లో మహబూబీ ఇంటిపని చేసే విల్లా నుంచి సముద్రం కనిపించదు. దాని తడి మాత్రం గోడలెక్కి వస్తుంది. మధ్యాహ్నం ఎండలో పెళుసుగా ఎండిన దుప్పట్లు సాయంత్రానికి మళ్లీ చెమరుస్తాయి. మిద్దె మీద ఆ దుప్పట్ల మధ్య, ఎవరికీ కనిపించని తెల్లటి గదిలాంటి చోట నిలబడి, మహబూబీ ఊరికి ఫోన్ చేసేది.

ఆమెది రాయచోటి దగ్గర పల్లె. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. చిన్నప్పుడు ఆమె జుట్టులో ఎప్పుడూ ఒక తెల్లటి పోగు ఉండేదని తల్లి ఇప్పటికీ చెబుతుంది. పందొమ్మిదో ఏట మదనపల్లెలో మోటారు సైకిళ్లు బాగుచేసే మౌలాలికిచ్చి పెళ్లి చేశారు. కూతురు ఖతీజా, కొడుకు జిలాని పుట్టాక మౌలాలి ఇంటికి రావడం తగ్గింది. తర్వాత మానేశాడు. అదే ఊళ్లో ఇంకో ఇంటి ముందు అతని బండి నిలబడేది.

మహబూబీ పుట్టింటికి చేరి కోర్టుకు పోయింది. పనీపాటా లేని భార్యకు నెలకు నాలుగు వేలు, పిల్లలిద్దరికీ మూడేసి వేలు, మొత్తం పదివేలు మౌలాలి కట్టాలని జడ్జి ఆర్డరు ఇచ్చాడు. అయిదు నెలలు కట్టాడు. ఆరో నెల నుంచి లేదు. ఆమె అడగలేదు. పొయ్యి మీదికి బియ్యం కావాలి గనుక ఏజెంటును పట్టుకుని ఒమన్ వచ్చేసింది.

వచ్చాక కూడా అడగకపోవడానికి కారణం ఉంది. ఒమన్‌లో ఆమె మొదట పనిచేసిన ఇల్లు బర్కాలో. ఆ ఇంటి ముసలామె నెలనెలా సగం జీతమే చేతికిచ్చేది. మిగతాది ‘నా దగ్గర ఉంటుందిలే’ అనేది. రెండేళ్ల తర్వాత ఇల్లు మారే రోజున, ఖర్జూరాల డబ్బాలోంచి తీసి, మొత్తం లెక్కగట్టి ఇచ్చింది. అక్కడి చిల్లర నాణెం బైసా ఒక్కటి కూడా తగ్గలేదు. ఆ రోజు నుంచి మహబూబీకి ఒక నమ్మకం కుదిరింది. రావలసింది ఎక్కడికీ పోదు. అది చీకట్లో కూర్చుని మన కోసం పెరుగుతూ ఉంటుంది.

మౌలాలి బాకీని కూడా ఆమె అలాగే పెంచుకుంది. నాలుగు లక్షలు దాటి ఉంటుంది. దాని మీద ఖతీజా నర్సింగ్ చదువును కట్టింది. ఇంటర్ రాసిన బిడ్డతో ఎన్నిసార్లు చెప్పిందో. “మీ నాయన దుడ్లు ఉండాయి మే. నీ ఫీజు అదే. నేను పంపేది తిండికి సరిపోతాది, అది మాత్రం నీ కోసం దాచినా.”

జూన్‌లో రిజల్టు వచ్చాక, న్యాయ సేవా సంస్థ వాళ్లు డబ్బులు తీసుకోకుండా కుదిర్చిన లాయర్ రమణికి దుప్పట్ల మధ్య నుంచి ఫోన్ చేసింది.

“మేడమ్, మా ఆయప్ప లెక్క మొత్తం ఒకేసారి తీసిపెట్టండి. పాపను నర్సింగులో చేర్పించాల.”

“ఎప్పటి నుంచి కట్టలేదమ్మా?”

“నాలుగేండ్లు అవతాంది.”

అవతల కాగితాల చప్పుడు ఆగింది. “ఇన్నాళ్లూ వసూలుకు పిటిషన్ వెయ్యలేదా?”

“ఆర్డరు ఉండాది గదా మేడమ్. జడ్జి సంతకం పెట్టినాడు. యాడికి పోతాది?”

రమణి గొంతు తగ్గించి, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఆర్డరు చావదు. కాని కట్టని సొమ్ముకు వారెంటు కావాలంటే, ప్రతి నెల బాకీకీ అది పడిన రోజు నుంచి ఏడాదిలోపు కోర్టును అడగాలి. ఏడాది దాటిన నెలకు వారెంటు పుట్టదు.

“అయితే పాతది పాయనా?”

“వాడు బాకీ లేడని కాదు. ఆ నెలల కోసం వాణ్ణి పట్టుకొచ్చే దారి మూసుకుపోయింది. వేరే దావా వేసి చూడొచ్చు. ఏళ్లు పడతాది. నేను మాటియ్యను. ఇప్పుడు చేతికందేది పన్నెండు నెలలే, లక్షా ఇరవై వేలు.”

గాలికి దుప్పటి వచ్చి మొహానికి అంటుకుంది. మహబూబీ దాన్ని తీయలేదు.

“ఫీజు లక్షా పదివేలు మేడమ్, మొదటి సంవత్సరానికి. అదన్నా తీయండి.”

“తీస్తా. నువ్వు రావాల, లేదంటే మీ అమ్మ పేర అధికారపత్రం రాసియ్యాల. మస్కట్‌లో మన రాయబార కార్యాలయానికి నువ్వే పోయి, వాళ్ల ముందర సంతకం పెట్టి, ముద్ర వేయించుకుని పంపు. తొందరగా. ఒక్కో నెల ఆలస్యానికి వెనక ఒక్కో నెల రాలిపోతాంటుంది.”

ఆ మాట ఆమెలో దిగబడిపోయింది. ముడి వేయని దండ. ఈ కొసన ఒక పూసను గుచ్చుతుంటే ఆ కొసన ఒకటి జారిపోతుంది. ఎంత గుచ్చినా దండ పెరగదు. ఇన్నాళ్లూ ఆమె నిద్రపోతున్న ప్రతి నెలా, జిలాని అన్నం ముద్దొకటి, ఖతీజా పుస్తకమొకటి చప్పుడు లేకుండా చీకట్లోకి దొర్లిపోయాయి.

కార్యాలయం శుక్ర, శని వారాల్లో ఉండదు. మిగతా రోజుల్లో మహబూబీకి సెలవు లేదు. ఇంటి యజమానురాలికి కాన్పు దగ్గరపడింది. ఆమెను ‘మామా’ అని పిలుస్తారు. చెడ్డది కాదు. వాచిన కాళ్లు బల్ల మీద పెట్టుకుని, “బేబీ వచ్చాక వెళ్లు, ఇన్షా అల్లా” అంది. బేబీ వచ్చింది. కవలలు. జూలై రాలిపోయింది. నలభై రోజుల బాలింత ఇంట్లో ఎవరు వండాలి, ఎవరు ఉతకాలి? ఆగస్టు కూడా సగం రాలింది.

ఒక ఆదివారం మామాయే డ్రైవర్ జహీరుద్దీన్‌ను పిలిచి బండి తీయమంది. అతనిది కడప. దారంతా వాగుతూనే ఉన్నాడు.

“ఏందక్కా, ఎంబసీకి పోతూ పెండ్లికి పోతున్నట్టు పూలచీర కట్టినావు?”

“నోరు మూసుకుని తోలు. రెండు నెలల కింద పోవాల్సింది ఈ పొద్దు పోతాండ.”

“మౌలాలి బావ ఇస్తాడంటావా?”

“వాడు ఇయ్యడు. వాని మెడ మీద కూర్చుని ఇప్పించాల.”

“అట్లయితే బరువు పెంచుకో అక్కా. ఎండుచేప మాదిరి ఉండావు.”

ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. కౌంటర్ దగ్గర సంతకం పెట్టేటప్పుడు తన పేరులోని చివరి అక్షరం గీత దాటిపోయింది.

సెప్టెంబరులో పిటిషన్ పడింది. కోర్టు మౌలాలి సామాన్లు జప్తు చేయమంది. పోయి చూస్తే షెడ్డు తమ్ముడి పేర ఉంది, బండి ఇంకెవరి పేరో. మౌలాలి పేర ఒంటి మీది చొక్కా తప్ప ఏమీ లేదు. అక్టోబరులో పోలీసులు పట్టుకొచ్చి జడ్జి ముందు నిలబెట్టారు. అతని లాయరు ఎదురు పిటిషన్ వేశాడు. భార్య మస్కట్‌లో సంపాదిస్తోంది, ఆర్డరు మార్చాలి.

ఆ మధ్యాహ్నం కోర్టు వరండాలోంచి మౌలాలే ఫోన్ చేశాడు. నాలుగేళ్లుగా వినని గొంతు.

“రియాళ్లు మూటగట్టుకుని నా దగ్గర అడుక్కునేదేంది మే నీకు? సిగ్గు లేదా?”

“నేను తినేదానికి అడగలా. నీ కూతురు ఫీజుకు.”

“కూతుర్ని చదివించాలని మస్కట్ పోయినావు గదా. చదివియ్యి.”

“నువ్వు పెట్టుంటే నేనెందుకు పోతాను?”

అవతల దగ్గు, ఎవరిదో నవ్వు. ఫోన్ తెగిపోయింది.

రమణి ఆ సాయంత్రం వివరించింది. నువ్వు సంపాదిస్తున్నావు గనుక నీ నాలుగు వేలు ముందుముందు తగ్గవచ్చు, పోనూవచ్చు. ఇప్పటిదాకా పడిన బాకీ దానివల్ల పోదు. పిల్లలది అసలే వేరు. తల్లి జీతగత్తె అయినంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు.

తర్వాత గొంతు సవరించుకుంది. “ఇంకోటి చెప్పాల. వాళ్ల తమ్ముడు లక్షన్నర తెచ్చి ఇస్తానంటున్నాడు. ఒకటే షరతు. పాతది, ఇకముందుది, నీదీ పిల్లలదీ అంతా తీరిపోయినట్టు కోర్టులో రాసియ్యాల.”

“ఒప్పుకుంటా మేడమ్. ఇప్పుడే. ఫీజుకు వారమే ఉండాది.”

“నీది రాజీ పడు, అది నీ ఇష్టం. పిల్లలది నువ్వు రాసియ్యలేవు.”

“నేను తల్లిని గదా.”

“తల్లివే. కాని అది నీ సొమ్ము కాదు. జిలానికి పదకొండేండ్లు. ఇంకా ఏడేండ్లు వాని తిండికి వాళ్ల నాయన పూచీ. దాన్ని వదిలేసే కాగితం మీద కోర్టు ముద్ర వెయ్యదు. బయట రాసుకున్నా రేపు చెల్లదు.”

“చెల్లకుంటే మానె! రాసిద్దాం. దుడ్లు చేతికొస్తాయి గదా.”

“వాళ్లకూ లాయరుండాడమ్మా. చెల్లని కాగితానికి లక్షన్నర ఎవరిస్తారు?”

మహబూబీ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆకలిగా ఉన్న బిడ్డ ముందు అన్నం గిన్నె పెట్టి, గిన్నె చుట్టూ కంచె వేసినట్టుంది. ఆ కంచె బిడ్డను కాపాడటానికే. దానికి వాకిలి లేదు.

“అట్లయితే నాది ఒక్కటే తీసేసి, ఎంతిస్తే అంత ఇప్పించండి.”

రమణి అడిగి చూసింది. మౌలాలి ఒప్పుకోలేదు. పిల్లలది వదలకుంటే పైసా లేదన్నాడు. జడ్జి కడతావా, జైలుకు పోతావా అని అడిగితే, “నెల రోజులే గదా సార్, ఉపాసం అనుకుంటా” అన్నాడట. చేతులు ఊపుకుంటూ పోయాడట. జైలుకు పోయినంత మాత్రాన లక్షా ఇరవై వేలు తీరిపోదని జడ్జి గట్టిగానే చెప్పాడు. బాకీ అలాగే ఉంది. మనిషి లోపల ఉన్నాడు. ఖతీజాకు అక్కరకొచ్చేది మాత్రం ఎక్కడా లేదు.

అడ్వాన్సు అడిగితే మామా రెండు నెలల జీతం ఇచ్చింది. మిగతాది జహీరుద్దీన్ మస్కట్‌లోని రూవిలో తన రూమ్ వాళ్లను అడిగాడు. వాళ్ల కంపెనీలో మూడు నెలలుగా జీతాలు లేవు. ఫీజులో సగం కూడా కాలేదు. కాలేజీ వాళ్లు సగం ఫీజు పుచ్చుకునేది లేదన్నారు. గడువు రోజు సాయంత్రం సీటు ఇంకో పిల్లకు పోయింది.

అయిదారు రోజులు ఖతీజా ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన రోజు గొంతు మామూలుగానే ఉంది. మహబూబీకి ఆ మామూలుతనమే భయమేసింది.

“లాయరమ్మ చెప్పిందిమ్మా. వచ్చే నెల నాకు పద్దెనిమిది నిండితే నా మూడు వేలు ఆ ఆర్డరు కింద ఆగిపోతాయంట. ఇంకా కావాలంటే వేరే కేసంట.”

“వేద్దాం. వేపిస్తా. పాత నెలలు నీకు ఉండాయి గదా.”

“వద్దులేమ్మా. తమ్మునిది మాత్రం పోగొట్టుకోవద్దు. కొత్త నెలలకు అవ్వ మళ్లా పిటిషన్ వెయ్యాలంట. నేను రాసిపెట్టి అవ్వను తోడుకుని పోతా.”

“వచ్చే సంవత్సరం చేర్పిస్తా మే. నిజంగా.”

ఫోన్‌లో ఖతీజా వెనక జనం, గుడ్డలు పరిచి దులిపే చప్పుడు, ఎవరో రంగు చూపించమంటున్న మాట.

“యాడుండావు మే నువ్వు?”

“బట్టల షాపులో. సోమవారం నుంచి చేరినా. ఏడు వేలిస్తారంట.” అంతలో ఎవరో కేక వేశారు. “పెడతాండమ్మా. డ్యూటీ టైమ్.”

ఇన్నేళ్లూ తమ ఇంట్లో ‘డ్యూటీ టైమ్’ అని ఫోన్ పెట్టేసేది మహబూబీ ఒక్కతే. ఫోన్ ఆగిపోయాక కూడా ఆమె దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది. కింద కవలల్లో ఒకరు ఏడుపు మొదలుపెట్టారు. కాసేపటికి రెండోవాడూ అందుకున్నాడు.