గిన్నప్పకు నేను పెట్టిన పేరు

మా నిశ్చితార్థమైన రెండో వారంలో ఆమె నన్ను తన వంటల బ్లాగులోకి చేర్చుకుంది. ఫొటోలు మరీ పెద్దవిగా ఉండి పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతోందని నేనే అన్నాను. "మీరు సాఫ్ట్‌వేరే గదా, జర చూడుండ్రి" అని, అన్ని మార్పులూ చేసే హక్కుతో నా ఈమెయిలును అందులో పెట్టింది. చూడమన్నది ఫొటోల సంగతి.

వాళ్లది కరీంనగర్ వైపు. వాళ్ల నాన్న రిటైరయ్యాక శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నారు. మాది మేడ్చల్. మధ్యలో బండి మీద అరగంట. ఆమె రెండేళ్లుగా తెలుగులో రాస్తోంది. పప్పు, పులుసు, పచ్చళ్లు, ప్రతిదాని ముందూ నాలుగు మాటలు ఆ వంట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ. కండ్లకోయలో ఆఫీసు అయ్యాక రెండు సాయంత్రాలు కూర్చుని ఫొటోలన్నీ చిన్నవి చేశాను. పని అయిపోయింది. అక్కడితో బయటికి రావలసింది.

కానీ ఆ బ్లాగుకు జనం ఏ మాటలు వెతికి వస్తున్నారో చూపించే నివేదిక ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచాను. "గిన్నప్ప, మా అమ్మమ్మ పద్ధతి" అనే పేజీ దగ్గర ఆగాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కారం, వెల్లుల్లి, కరివేపాకు వేసి ముద్ద కలిపి, గుండ్రటి అడుగున్న పాత్రలో నూనె రాసి లోపలి గోడల దాకా ఒత్తుతారు. వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి మంట మీద కాలుస్తారు. మా ఇంట్లో దాన్ని సర్వపిండి అంటాం. నల్లగొండ నుంచి వచ్చిన నా ఆఫీసు మిత్రుడు తపాలా చెక్క అంటాడు. గంజు రొట్టె అనేవాళ్లూ ఉన్నారని ఇంటర్‌నెట్టులో చదివాను. సర్వ, గిన్నె, తపాలా, గంజు. నాలుగూ పాత్రల పేర్లే. ఏ ఇంట్లో దేనిలో కాలిస్తే ఆ పేరు.

పట్టిక వేశాను. ఒక వరుసలో పేరు, పక్కన ఏ వైపు వాళ్లు అంటారో, ఆ పక్కన ఎంతమంది వెతుకుతున్నారో. సర్వపిండి అన్నిటికంటే చాలా పైన ఉంది. గిన్నప్ప అడుగున, అందులోనూ కొందరు గిన్నెప్ప అని రాస్తున్నారు. వంట ఒకటే, ఫొటో బాగుంది, కొలతలు సరిగ్గా ఉన్నాయి. పేరొక్కటే అడ్డు. శీర్షిక తీసేసి "సర్వపిండి తయారీ: కరకరలాడే తెలంగాణ వంటకం" అని పెట్టాను. లోపలి రాతలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

ఆమెను ఎందుకు అడగలేదని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. జనం పెరిగాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆఫీసులో చిన్న తప్పు కనపడితే ఎవరినీ అడగకుండా దిద్దడం అలవాటు. ఇవి రెండూ నిజమే. మూడోది ఒప్పుకోవడానికి కొన్ని రోజులు పట్టింది. నా చెవికి గిన్నప్ప తప్పు పేరులాగే వినపడింది. అంకెలు మా ఇంటి మాటనే బలపరిచేసరికి నాకు సంతోషమేసింది.

కొత్త శీర్షిక వెతుకులాటలో కనపడటానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆ తర్వాత రోజుకు ఇరవై మంది వచ్చే పేజీకి అరవై మంది రావడం మొదలైంది. గంటకోసారి చూసుకునేవాణ్ని.

బుధవారం మధ్యాహ్నం, ఆఫీసు క్యాంటీన్‌లో ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"గిన్నప్ప పేరు మీరే మార్చిండ్రా?"

"అవును. చూసినవా? మూడింతలైంది."

ఆ అంకెను ఆమె పట్టించుకోలేదు.

"మా పెద్దమ్మ ఫోన్ జేసింది. మా చుట్టాల గ్రూపుల ఎప్పుడో పెట్టిన ఆ లింకు, మళ్ల తెరిచి జూసిందట. 'ఏందే, పుస్తె పడకముందే అత్తగారింటి పేరు పెట్టుకున్నవా' అన్నది. ఫోన్ స్పీకర్ల ఉన్నది. ఇంట్ల అందరు విన్నరు."

"నవ్వులాటకు అనుంటది."

"నవ్వులాటకే. అందరు నవ్విండ్రు. నాకే నవ్వు రాలె."

పేరు మార్చడం వల్ల లాభమేమిటో చెప్పబోయాను. వెతికేవాళ్లు, వరుసలో స్థానం, ఫోన్ తెర మీద ఎన్ని అక్షరాలు కనపడతాయి. ఆమె చివరి దాకా వింది.

"పైన సర్వపిండి అని ఉన్నది. లోపల నేను మొత్తం గిన్నప్ప అని రాసిన. కింద చదివినోళ్లు ఏం రాసిండ్రో చూసిండ్రా?"

చూడలేదు. వ్యాఖ్యలు ఎన్ని వచ్చాయో మాత్రమే చూశాను.

"రేపు నా ఇంటిపేరు గూడ గిట్లనే చేస్తరా? ఎక్కువమంది ఏది వెతుకుతరో జూసి?"

"గదేం మాట?"

"ఆదివారం దాక నాకు ఫోన్ జెయ్యకుండ్రి. ఆలోచించుకోవాలె."

"దేని గురించి?"

"లగ్గం గురించే" అని పెట్టేసింది.

కంచంలో అన్నం అలాగే ఉంది. వ్యాఖ్యలు తెరిచాను. "అమ్మమ్మ గిన్నప్ప ఏదమ్మా, ఎక్కడ పోయింది?" అని ఒకరు. "పైన ఒకటి, లోపల ఒకటి. ఎక్కణ్నుంచి ఎత్తుకొచ్చిండ్రు ఈ వంట?" అని ఇంకొకరు. ఆమె రెండేళ్లలో ఎవరి రాతా ఎత్తుకురాలేదు. ఆ మాట పడేలా చేసింది నేను.

పాత శీర్షిక తిరిగి పెట్టడానికి ఐదు సెకన్లు చాలు. వేలు మీట దాకా పోయి ఆగింది. అడగకుండా మార్చినందుకే కదా ఇదంతా. ఇప్పుడు మళ్లీ అడగకుండా మార్చితే? అడగాలంటే ఫోన్ చేయొద్దంది. ఆ పేజీని తెరిచి మూసి, తెరిచి మూసి ఆ రోజంతా గడిపాను. గురువారం తొమ్మిది శీర్షికలు రాసి ఒక్కోదానికీ అక్షరాలు లెక్కపెట్టాను. పేజీ మీద ఒక శీర్షిక, వెతికేవాళ్లకు వేరొకటి చూపించే వీలు ఉందని నాకు ముందే తెలుసు. శీర్షిక మార్చిన రోజు అది గుర్తు రాలేదా, నేనే గుర్తు తెచ్చుకోలేదా? మీటింగులో ఎవరో ఏదో అడిగితే రెండుసార్లు "మళ్లీ చెప్పండి" అన్నాను.

శుక్రవారం సాయంత్రం అమ్మ కనిపెట్టింది. మెట్ల మీదికీ కిందికీ తిరుగుతుంటే పిలిచి కూర్చోబెట్టింది. అంతా చెప్పాను.

"గిన్నప్ప అంటె ఏమైతది రా నీకు?" అంది. "నేను ఈ ఇంటికొచ్చిన కొత్తల గంజు రొట్టె అనేదాన్ని."

అమ్మ నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. నా పట్టికలో గంజు రొట్టె ఎదురుగా 'ఎవరంటారో తెలియదు' అని రాసి ఉంది.

"మరి సర్వపిండి ఎవరి మాట?"

"మీ అవ్వది, అంటె మా అత్తమ్మది. నేను గంజు రొట్టె అంటే మీ అవ్వ, మీ మేనత్తలు ఒకటే నవ్వుడు. చెడ్డ మనసుతోని గాదు."

"ఎప్పుడు మానేసినవ్?"

"యాదికి లేదు. రెండు మూడుసార్లు నవ్విండ్రు. ఇగ అనలె."

చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది. గొంతులో బాధేమీ లేదు. అదే నన్ను కూర్చోనీయలేదు.

"పోయి అడుగు ఆ పిల్లను" అంది.

"ఆదివారం దాక ఫోన్ జెయ్యొద్దన్నది."

"ఫోన్ వద్దన్నది. రావద్దన్నదా?"

శనివారం ఉదయమే శామీర్‌పేట వెళ్లాను. వాళ్లమ్మ తలుపు తీసి ఆశ్చర్యపోలేదు, సంతోషపడినట్టూ కనపడలేదు. "రాండ్రి, కూసోండ్రి" అని లోపలికి పిలిచింది. వంటింట్లోంచి కాలుతున్న పల్లీల వాసన వస్తోంది. నేను కూర్చోకుండా గుమ్మం దాకా పోయాను. తను గిన్నె ముందు నిలబడి అంచులు ఎర్రబడ్డాయో లేదో మూత తీసి చూస్తోంది.

"ఆదివారం అంటిని గదా" అంది నావైపు తిరగకుండానే.

"ఫోన్ జెయ్యలేదు."

వాళ్లమ్మ నవ్వు ఆపుకుంటూ ముందు గదిలోకి పోయింది. ఆమె కాలిన గిన్నప్పను తీసి కంచంలో వేసి, వేడి గిన్నెను నీళ్ల కింద పెట్టింది. వేడి గిన్నెలో పిండి ఒత్తలేరు. చల్లారే దాకా ఆగాలి. ఆ ఆగిన సమయంలోనే చెప్పాను.

"పాత పేరు నేను మళ్ల పెట్టలేదు. పెట్టాలన్నా నిన్ను అడగాలె. తప్పు చేసిన. లెక్కలు చూసి చేసిన అన్న గానీ, మా ఇంటి పేరని గూడ చేసిన."

ఆమె చేయి తుడుచుకుని ల్యాప్‌టాప్ తెచ్చింది. "ఎక్కువమంది వద్దని నేనన్ననా? నన్ను అడగలె, గంతే. ఏదీ, మీ పట్టిక చూపియ్యుండ్రి."

చూపించాను. నాలుగు పేర్లూ రెండుసార్లు చదివింది. గంజు రొట్టె దగ్గర వేలు పెట్టి ఎవరిదని అడిగింది. మా అమ్మ అన్నది చెప్పాను, నవ్విన సంగతితో సహా. ఆమె తన ఫోన్ తీసి మా అమ్మకు కలిపింది.

"అత్తమ్మా, మీ గంజు రొట్టె ఎట్ల జేస్తరు?"

అవతల అమ్మ మొదట తడబడింది. సర్వపిండి లెక్కనే బిడ్డా అంది. ఆమె వదల్లేదు, మళ్లీ అడిగింది. అప్పుడు అమ్మ తన పుట్టింట్లో లేత సొరకాయ తురిమి పిండిలో కలిపేవాళ్లని, దాని తడి సరిపోతుంది కాబట్టి నీళ్లు చూసి పోసుకోవాలని, నువ్వులు ఎక్కువ వేసేవాళ్లని ఆగకుండా చెప్పింది. మా ఇంట్లో సొరకాయ వేయరు. ఆమె కాగితం మీద రాసుకుంది.

తర్వాత శీర్షిక తనే కొట్టింది: "గిన్నప్ప, మా అమ్మమ్మ పద్ధతి – సర్వపిండి, తపాలా చెక్క, గంజు రొట్టె అని కూడా అంటారు".

"చాలా పొడుగైంది. ఫోన్ల చివరి మాటలు కనపడవు, తెగిపోతయి" అన్నాను.

"తెగితే తెగనియ్యి. ముందుగాల నాది ఉంటది. మిగతాయి పేజీల ఉంటయి." కింద మొదటి పేరాలోనే, ఏ పేరు ఎవరిదో, ఎవరు ఏం కలుపుతారో రాయడం మొదలుపెట్టింది. గంజు రొట్టె పక్కన 'మేడ్చల్‌లో మా అత్తమ్మ' అని రాసింది. దాన్ని రెండుసార్లు చదివాను.

రాసి పెట్టేసి, రచయితల జాబితా తెరిచి, నా ఈమెయిలు పక్కన ఉన్న 'తొలగించు' నొక్కింది. నా ఎదురుగానే.

"ఫొటోల పని అయిపోయింది గదా" అంది.

"అయిపోయింది." అన్నాను. "మరి లగ్గం సంగతి?"

ఆమె గిన్నె అడుగున చేయి పెట్టి చూసింది. చల్లారింది. నూనె రాసి పిండి ముద్ద లోపల పెట్టి, వేళ్లతో గోడల మీదికి ఒత్తుతూ చెప్పింది.

"మంగళవారం లగ్గం చీరలకు పోతున్నం. అత్తమ్మను గూడ రమ్మనుండ్రి. మీరు సెలవు పెట్టనవసరం లేదు."