ముందు సూది కాదప్పా

ప్రొద్దుటూరు ఆసుపత్రి గేటు ముందు జట్కా ఆగీ ఆగకముందే, వార్డులో కూర్చునే వాసన పట్టి జబ్బు పేరు చెప్పేశానని చాలా ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. అబద్ధం. మంచం మీదికి వంగేదాకా నాకేమీ తెలియలేదు. వంగాక మగ్గిన పండు వాసన కొట్టింది. జమ్మలమడుగు దర్జీ కూతురు, ఇరవై ఏళ్లు దాటని పిల్ల, బుసలు కొడుతున్నట్టు ఊపిరి తీస్తోంది.

"ఇన్సులిన్ ఎప్పుడు వేశారు?" అన్నాను.

"మూడు దినాలాయ సార్, వాంతులు. తిండే తినకపాయె, ఇంగ సూది యాల అని మేమే నిలిపేసినాం" అన్నాడు తండ్రి.

ఆ తప్పు మా వైపు ప్రతి ఇంట్లోనూ చేస్తారు. తిండికే సూది అనుకుంటారు. ఇన్సులిన్ లేకపోతే రక్తంలో చక్కెర నిండా ఉన్నా ఒంటికి అందదు. ఒళ్లు కొవ్వును కాల్చుకుంటుంది, ఆ మంటలోంచి ఆమ్లం పుడుతుంది. మూత్రాన్ని నీలి బెనెడిక్ట్ ద్రావణంలో కాచి చూస్తే ఇటుక రంగు తేలింది, అంటే చక్కెర నిండుగా ఉంది.

నాకు లోపల సంబరం. కర్నూలులో చదివిన పాఠమంతా నా మంచం మీదికే వచ్చి పడుకుంది. శనివారం పెద్ద డాక్టరుగారు అందరినీ కూర్చోబెట్టి కేసుల మీద ప్రశ్నలు వేసేవారు. ఈసారి జవాబు నాదే. నాతో పాటు చేరిన పులివెందుల డాక్టరుది కాదు. అతని ప్యాంటు ఎప్పుడూ నలిగే ఉండేది, మాట మొరటు. అయినా రోగులు నన్ను దాటుకుని "ఆ సారు యాడ?" అని అడిగేవారు. నర్సులు టీ కూడా ముందు అతనికే పోసేవారు. చూసినప్పుడల్లా కడుపు మండేది.

సెలైన్ పెట్టించి, కేసు షీటులో "ఇన్సులిన్, వెంటనే" అని కింద గీత గీసి మరీ రాశాను. నర్సు సీసా అందుకుంది.

"ఏంది మామా, అప్పుడే ఏస్తాండావు?" పులివెందులాయన వెనకే నిలబడి ఉన్నాడు.

"చక్కెర పిల్లకి ఇన్సులిన్ కాక ఇంకేమి వేస్తాం?"

"ముందు సూది కాదప్పా. యామ్మా, తల ఎత్తు చూద్దాం."

ఆ పిల్ల తల దిండు మీంచి లేవలేదు. కొత్తగా వచ్చిన ఈసీజీ మిషన్ తెచ్చి తగిలించాడు. కాగితం గజం పొడవు వచ్చిందని చెబుతుంటాను. నిజానికి జానెడే. అందులో గుండె కొట్టుకున్న ప్రతిసారీ చివర లేవాల్సిన అల, 'టీ' అనేది, చప్పగా పడిపోయి ఉంది, దాని వెనక ఇంకో చిన్న గుబ్బ.

"వాంతుల్లో, ఉచ్చలో పొటాషియం అంతా పోయింది, అందుకే తల లేయలేదు. మిగిలిందాన్ని గూడా నీ సూది కణాల్లోకి తోసేస్తాది. గుండె నిలబడిపోతాది. ఉచ్చ వస్తాందా?"

"వస్తోంది" అంది నర్సు.

"అయితే సెలైన్‌లో పొటాషియం కలిపి నిదానంగా ఎక్కించండి. గుండె మీద కన్నెయ్యండి. సూది ఆమైన."

నేను రాసిన వరస మీద ఆకుపచ్చ ఇంకుతో అడ్డగీత కొట్టి, పక్కన టైము వేశాడు. ఆ గీత నా చెంప మీద పడినట్టే ఉంది. పిల్ల చచ్చిపోతుందేమో అన్న భయం కంటే, అతను చెప్పిందే నిజమవుతుందేమో అన్న భయం నాకు ఎక్కువగా ఉంది. ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

మధ్యాహ్నానికి ఆమె తల ఎత్తి నీళ్లడిగింది. ఈసీజీ మళ్లీ తీసి చూశాకే ఇన్సులిన్ మొదలుపెట్టించాడు.

మరునాటికి చక్కెర బాగా దిగింది. "తగ్గిపోయింది, సూది ఆపేద్దాం" అన్నాను, కనీసం ముగింపైనా నాది కావాలని.

కడప నుంచి బస్సులో వచ్చిన రక్తపరీక్ష కాగితం నా ముందు పెట్టాడు. "సోడియంలోంచి క్లోరైడు, బైకార్బనేటు తీసెయ్. ఎంత మిగిలె?"

"ఇరవై రెండు."

"పన్నెండుండాల్సింది. ఆ గ్యాపులో ఆమ్లం కూచోనుండాది మామా. చక్కెర దిగితే చాలదు. అది మరీ పడిపోకుండా గ్లూకోజ్ ఎక్కిస్తానే సూది సాగనీ."

సాగనిచ్చాం. మూడోనాడు గ్యాపు మూసుకుంది, ఆ పిల్ల గంజి తాగింది.

శుక్రవారం సాయంత్రం ఒక పని చేశాను. కేసు షీటు మాసిపోయిందని చెప్పి, కొత్త కాగితం మీద అంతా నా చేత్తో తిరగరాశాను. ముందు సెలైన్, తర్వాత పొటాషియం, ఆ తర్వాతే ఇన్సులిన్. అడ్డగీత లేదు, ఆకుపచ్చ ఇంకు లేదు.

శనివారం పెద్ద డాక్టరుగారు అది చదివి కళ్లద్దాలు తీశారు. "ఇన్సులిన్ ఎందుకు ఆపావు? ఎవరైనా అదే ముందు వేసేవాళ్లు."

పులివెందులాయన మాటలే, మొరటుతనం తీసేసి, పుస్తకం భాషలో అప్పజెప్పాను. శభాష్ అన్నారు. అతను ఎదురు బెంచీ మీద కూర్చుని వింటున్నాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని అతని నోటి వైపే చూస్తున్నాను.

"రాత శానా బాగుండాది సార్" అన్నాడు అతను, అంతే.

బయటికి వస్తే దర్జీ ఒక మడతపెట్టిన ప్యాంటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొత్తగా కుట్టింది. శభాష్ నాకే వచ్చింది కదా అని చెయ్యి చాచాను.

"మీకు కాదు సార్, ఆ సారుకి. నడుం కొలత నా బిడ్డ మంచం కాడ్నుంచే కంటితో తీసుకున్నా" అన్నాడు.